మా పాప రంగప్రవేశానికి రండి, వచ్చే ముందు ఈ ఉత్తరం చదవండి

మా పట్టణంలో ప్రభుత్వ హాళ్ళు చూసే అధికారులకు, వాటికి మరమ్మతులు రాసే ఇంజనీరు సార్లకు, సభలకు ముఖ్య అతిథులుగా వచ్చే పెద్దలకు, చుట్టుపక్కల ఊళ్ళ అన్నలకు, అక్కలకు నమస్కారం.

సంక్రాంతి వెళ్ళాక వచ్చే రెండో శనివారం సాయంత్రం ఆరు గంటలకు మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం. చీమకుర్తి పక్కన మా ఊళ్ళో, శివాలయం ఆవరణలో ఉన్న కల్యాణ మండపం అరుగు మీద చేస్తున్నాం. పాపకు పద్నాలుగేళ్ళు, ఏడేళ్ళుగా నేర్చుకుంటోంది. ఒక్కతే రెండు గంటల సేపు ఆడబోయే మొదటిసారి ఇదే. మీరందరూ కుటుంబంతో రావాలని నేను, మా ఆవిడ, మా అమ్మ, మా అబ్బాయి చేతులెత్తి పిలుస్తున్నాం.

పిలుపుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది. నిజానికి ఈ కార్యక్రమం మా పట్టణంలోని ప్రభుత్వ హాల్లో చెయ్యాలనుకున్నాం. ఆ హాలు పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క హాలు సంగతి కాదు. స్టేజి గురించి మూడుసార్లు అర్జీ ఇచ్చాం, రెండుసార్లు చేతికి, ఒకసారి పోస్టులో. ఏడాది అయ్యింది, అవుననో కాదనో ఒక్క ముక్క రాలేదు. అందుకే ఈసారి అందరికీ కనపడేలా రాస్తున్నాం.

నేను గ్రానైట్ పాలిషింగ్‌లో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నా. మా చీమకుర్తి గెలాక్సీ రాయి మీకు తెలియనిది కాదు, నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి, ఓడలెక్కి దేశాలు పోతుంది. ఆ రాయే మాకు అన్నం పెట్టింది, మా పాప డాన్స్ ఫీజు కూడా ఆ రాయే కట్టింది. అందుకని రాయి మీద నాకు కోపం ఉందని అనుకోవద్దు. ఇంటి ముందు వెయ్యండి, ఆఫీసులో వెయ్యండి, మెట్లకు వెయ్యండి. ఒట్టి కాళ్ళతో ఆడే పిల్లల స్టేజి మీద మాత్రం వెయ్యొద్దు. నేను చెప్పేది ఇదొక్కటే, మిగతా ఉత్తరమంతా దాని వివరమే.

ఆ హాల్లో స్టేజి మొదట్లో చెక్కది. చెక్కకు చెద పట్టింది, రెండు చోట్ల పలకలు కుంగాయి, ఒక నాటకం వాళ్ళ కుర్చీ కాలు దిగబడింది కూడా. మార్చాల్సిందే, కాదనను. అయితే మరమ్మతు చేసినప్పుడు చెక్క పీకేసి కాంక్రీటు పోసి దాని మీద రెండు సెంటీమీటర్ల పాలిష్ గ్రానైట్ పలకలు పరిచారు. చూడటానికి అద్దంలా ఉంది. నేను వెళ్ళి బొటనవేలి కణుపుతో కొట్టి చూశా. ఎక్కడా గుల్ల లేదు, కింద సిమెంటు నిండుగా పట్టింది, పనివాడు మంచివాడే. కానీ అంత గట్టిగా పట్టిందంటే పైన పడిన దెబ్బలో ఒక్క పిసరు కూడా కిందికి పోదు, మొత్తం కాలికే తిరిగొస్తుంది.

కూచిపూడిలో కాలు ఎలా పడుతుందో చూసినవాళ్ళకు తెలుసు. మోకాళ్ళు పక్కలకు విప్పి సగం కూర్చున్నట్టు అరమండిలో నిలబడి, పాదం మొత్తం ఒక్కసారి నేలకు తగిలేలా కొట్టాలి. చెప్పులుండవు, సాక్సు ఉండదు, ఒక్కో కాలికి యాభై గజ్జెలు ఉంటాయి. అదే అడుగు మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని వేగం పెంచుకుంటూ పోతారు. ఒకరోజు మా అబ్బాయి పక్కన కూర్చుని తిల్లానా ఒక్కదానిలో ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టాడు, ఏడు వందలు దాటాక వాడికి లెక్క తప్పింది. ప్రోగ్రాంలో అలాంటివి ఏడెనిమిది అంశాలు ఉంటాయి.

ఇంతకు ముందు ఏడాది ఆ హాల్లో మా గురువుగారి పిల్లలందరూ కలిసి ఒక కార్యక్రమం చేశారు, అందులో మా పాప కూడా ఉంది. ముందు రోజు రెండు రిహార్సల్స్, ఆ రోజు పొద్దున ఇంకొకటి, సాయంత్రం ప్రదర్శన, అన్నీ ఆ గ్రానైట్ మీదే. ఇంటికొచ్చేటప్పుడు బండి దిగి మెట్టెక్కలేకపోయింది. అలిసిపోయిందిలే అనుకున్నాం. మర్నాడు కూడా ముంగాలు లోపలి అంచు వెంట నొప్పి అంది. వారం తర్వాత నడిస్తే నొప్పి, మెట్లు దిగితే ఇంకా ఎక్కువ.

ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన బొటనవేలితో మోకాలి కింద నుంచి చీలమండ దాకా ముంగాలు ఎముక వెంబడి నొక్కుకుంటూ వచ్చారు. పాపకు బెత్తెడు పొడవునా నొప్పి తెలిసింది. ఆయన చెప్పింది ఇక్కడ రాస్తున్నా, పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలియాలి కాబట్టి. నొప్పి అలా పొడుగునా పరుచుకుని ఉంటే ఎముక పై పొర, దానికి అంటుకున్న కండ ఒత్తిడికి వాచినట్టు అనుకోవచ్చట. అలాకాక వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట పోటుగా ఉంటే, రాత్రి పడుకున్నా తగ్గకపోతే, ఎముకలో సన్నటి పగులు వచ్చిందేమోనని అనుమానించాలట. ఆ పగులు మొదటి కొన్ని వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. మా పాపది మొదటి రకం. ఎక్స్‌రే బాగానే ఉంది, అయినా ఆరు వారాలు కాలు నేలకు కొట్టొద్దన్నారు. ఆ నొప్పి మీదే ఆడుతూ పోతే అది రెండో రకం అయ్యే ప్రమాదం ఉందని, అప్పుడు ఇంకా ఎక్కువ రోజులు కూర్చోవాల్సి వస్తుందని చెప్పారు.

ఆ ఆరు వారాలు పాప క్లాసుకు వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చునేది. జతులు నోటితో చెబుతూ చేతులతో తాళం వేసేది, హస్తాలు, కళ్ళ అభినయం సాధన చేసేది. మిగతా పిల్లలు ఆడుతుంటే దీని పాదాలు చాప మీద వాటంతటవే కదిలేవి. మా ఆవిడ వాటిని చేత్తో పట్టుకుని ఆపేది. రంగప్రవేశం ఆ ఏడాదే అనుకున్నది వెనక్కి పోయింది.

ఒక పెద్దమనిషి నాతో అన్నారు, "పూర్వం కూచిపూడి భాగవతులు ఊరూరా తిరిగి నేల మీద ఆడలేదా, ఇప్పటి పిల్లలకే చెక్క కావాల్సి వచ్చిందా?" అని. ఆయన్ని తప్పు పట్టను, నాకూ మొదట అదే అనిపించింది. మా గురువుగారు చెప్పాక అర్థమైంది. కృష్ణా జిల్లా కూచిపూడి నుంచి మేళాలు కట్టుకుని వచ్చినవాళ్ళు ఆడింది మట్టి నేల మీద, గుడి ముందు, ఊరి నడిమధ్య. నీళ్ళు చల్లి చదును చేసిన మట్టికి లోపల కాస్త మెత్తదనం ఉంటుంది. పైగా అప్పుడు రాత్రంతా సాగే కలాపాల్లో చాలామంది పాత్రధారులు ఉండేవాళ్ళు, ఒకరు ఆడుతుంటే ఇంకొకరు తెర వెనక కాలు చాపుకునేవాళ్ళు. ఒక్కరే నిలబడి మొదటి నుంచి చివరిదాకా ఆడే పద్ధతి గట్టిపడింది గత శతాబ్దంలోనే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు, తర్వాత వెంపటి చినసత్యంగారు ఆడపిల్లలకు ఇలా నేర్పి పెంచారు. ఆ బరువంతా ఒకే జత కాళ్ళ మీద పడుతుంది. మట్టి అరుగు మీద ఆడిన భాగవతుల్ని చూపించి కాంక్రీటు మీద పిల్లల్ని ఆడించడం సరికాదండీ.

ఇంకొకటి, తరంగం. ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు పాదాలు పెట్టి, వేళ్ళతో అంచు పట్టుకుని, పళ్ళెంతో పాటే ముందుకీ పక్కకీ కదులుతూ తాళం వెయ్యాలి. నేల నున్నగా ఎక్కువైతే పళ్ళెం అనుకున్న దానికంటే జారిపోతుంది, కార్పెట్ అయితే నూలులో తగులుకుని టక్కున ఆగుతుంది, మనిషి ముందుకు తూలుతుంది. ఆ హాల్లో రిహార్సల్ అప్పుడు మా గురువుగారి పెద్ద శిష్యురాలు ఆ పాలిష్ మీద రెండుసార్లు పళ్ళెం దిగాల్సి వచ్చింది. అక్కడి బాధ్యుడు వచ్చి, పళ్ళెం వల్ల రాయికి గీతలు పడతాయి, వద్దన్నాడు. గ్రానైట్ కొయ్యడానికి మేము వజ్రపు పళ్ళున్న బ్లేడు వాడతాం. ఇత్తడి దాని మీద పసుపు మరక పెడుతుందేమో గానీ గీత పెట్టదు, మరక గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ మాట అక్కడే చెప్పాను, అర్జీలో కూడా రాశాను. పిల్ల పడితే ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు.

అర్జీలకు జవాబు రాలేదు, పాప కాలు తగ్గింది, ఇంకా ఎన్నాళ్ళు ఆగాలి? అందుకని మేమే ఒక నేల చేసుకున్నాం. ఎలా చేశామో రాస్తాను, ఇంజనీరు సార్లు దీన్ని కాస్త ఓపిగ్గా చదవాలని మనవి.

గుడి అరుగు కూడా సిమెంటుదే. దాని మీద 24 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు కొలత తీసుకున్నాం, ఒక్కరు ఆడటానికి, ఓ పక్కన నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు వాళ్ళు అరుగు మీద విడిగా కూర్చోవడానికి సరిపోతుంది. మొదట మా అబ్బాయి ఐడియాతో కింద పరుపుల ఫోమ్ వేసి పైన ప్లైవుడ్ పరిచాం. గురువుగారు ఎక్కి నాలుగడుగులు వేసి దిగిపోయారు. నేల ఊగుతోంది, కాలు పడ్డ చోట కుంగి ఆలస్యంగా పైకి లేస్తోంది, తాళం తప్పుతుంది, పళ్ళెం కింద అల ఆడినట్టు ఉందన్నారు. మెత్తగా ఉంటే చాలనుకున్నాం గానీ, మెత్తదనం ఎక్కువైనా చీలమండ మడత పడుతుందట.

రెండోసారి మా యార్డులో చూసిన పద్ధతి పట్టుకున్నాం. గ్రానైట్ పలకలు నిలబెట్టే స్టాండ్లకు రాయి తగలకుండా గట్టి రబ్బరు వేస్తాం. అదే రబ్బరు మూడంగుళాల చదరపు ముక్కలుగా కోసి, రెండంగుళాల టేకు రీపర్లకు కింద రెండడుగులకు ఒకటి చొప్పున అంటించాం. రీపర్లు అడుగుకొకటి, మొత్తం 25. రబ్బరు ముక్కలు 275. దాని మీద 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఒక వరస, దాని మీద ఇంకో వరస, కింది అతుకు మీద పై అతుకు రాకుండా జరిపి వేశాం. అతుకులు కలిస్తే అక్కడే విరుగుతుంది. ఎనిమిది బై నాలుగు షీట్లు వరసకు 15, రెండు వరసలకు 30 పట్టాయి. స్క్రూ తలలు చెక్కలోకి దించి, పైన రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చాం. వార్నిష్ వెయ్యలేదు, చెమట పడితే వార్నిష్ జారుతుంది. ఒట్టి చెక్కకే శాండ్‌పేపర్ పట్టించాం.

చివరి పరీక్ష మా అమ్మ చేసింది. పాత నూలు చీర ఒకటి తీసుకుని నేలంతా మెల్లగా లాక్కుంటూ వెళ్ళింది. ఎక్కడ దారం పట్టుకుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టింది. పదకొండు చోట్ల పట్టింది, అన్నీ మళ్ళీ రుద్దాం. చీర పట్టుకోని నేల మీదే పిల్ల పాదం పెట్టాలని ఆమె పట్టు.

వడ్రంగి కూలితో కలిపి మాకు తొంభై వేల దగ్గర పడింది. సగం తోటి పనివాళ్ళు సర్దారు, సగం అప్పు. కార్యక్రమం అయ్యాక దీన్ని ముక్కలుగా విప్పి గురువుగారి క్లాసుకు ఇస్తున్నాం, అక్కడ ఇంకో ముప్పై మంది పిల్లలున్నారు, వాళ్ళలో లారీ డ్రైవర్ల పిల్లలు, పొగాకు బేరన్లలో పనిచేసేవాళ్ళ పిల్లలు, కూరగాయలమ్మే ఆవిడ పిల్ల కూడా ఉన్నారు. వాళ్ళందరూ ఇలా నేల చేసుకోలేరు.

మూడో కాలంలో తట్టడుగు కొడితే ఈ నేల మీద శబ్దం నిండుగా, కింద నుంచి వచ్చినట్టు ఉంటుంది, గజ్జెలు తర్వాత మోగుతాయి. గ్రానైట్ మీద చెంపదెబ్బలా టప్ అని తెగిపోయేది. పాప మొదటిరోజు గంటన్నర ఆడి దిగాక తనే ముంగాలు నొక్కి చూసుకుంది. "నాన్నా, ఏం లేదు" అంది.

ఇప్పుడు మా కోరికలు. మర్యాద తప్పకుండానే అడుగుతున్నాం, కానీ గట్టిగా అడుగుతున్నాం.

1. జిల్లాలో నాట్య ప్రదర్శనలకు అద్దెకిచ్చే ప్రతి ప్రభుత్వ హాలుకు విప్పి దాచుకునే చెక్క నేల ఒకటి చేయించండి. స్టేజి గ్రానైట్ పీకక్కర్లేదు, అది సభలకు పనికొస్తుంది. చెక్కకు చెద పడుతుందన్నదే మీ భయమైతే, విప్పి గోడకు నిలబెట్టి, నేల తగలకుండా పొడిగా ఉంచితే చాలా ఏళ్ళు వస్తుంది. కొలతలు పైన రాశాను, మా వడ్రంగిని కూడా పంపిస్తాను. కొత్తగా హాలు కట్టేటప్పుడు, పాతది బాగుచేసేటప్పుడు, అంచనా రాయకముందు ఆ ఊరి నాట్యం మేష్టారినో, టీచరమ్మనో ఒక్కసారి స్టేజి మీదికి పిలిచి అడగండి. పావుగంట పని. ఆ పావుగంట లేకపోవడం వల్ల ఒక పిల్ల ఆరు వారాలు గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంకా ఎంతమంది అమ్మానాన్నలు "అలిసిపోయిందిలే" అనుకుని నొప్పి మీదే ఆడించారో ఎవరికి తెలుసు? కాలు నొప్పంటే డాన్స్ మానెయ్యమనే ఇళ్ళే మన దగ్గర ఎక్కువ. నేల బాగాలేక పిల్ల చదువుకున్న విద్య పోతోందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు.

2. అది చేసేదాకా, సొంత నేల తెచ్చుకునేవాళ్ళను పరుచుకోనివ్వండి. మేము తెచ్చుకుంటామంటే, స్టేజి పాడవుతుంది, వేరే డిపాజిట్ కట్టాలన్నారు, ఎంతో మాత్రం చెప్పలేదు. పరచడానికి నలుగురు మనుషులకు మూడు గంటలు పడుతుంది, ఆ తర్వాత ఆడి చూసుకోవాలి, అందుకని ముందు రోజు సాయంత్రం హాలు తాళం ఇవ్వాలి. కార్యక్రమం రోజు మధ్యాహ్నం రెండింటికి తాళం ఇస్తే మేకప్‌కే సరిపోదు. ఒక మనిషి కూర్చుని కళ్ళు దిద్ది, జడ వేసి, నగలు కట్టి, గజ్జెలు బిగించేసరికి రెండు గంటలు దాటుతుంది.

3. ఇది అతిథులుగా వచ్చే పెద్దలకు. ఆ రోజు హాల్లో పిల్లలు ఒళ్ళు వేడెక్కేలా కసరత్తు చేసి, గజ్జెలు కట్టుకుని, పక్క తెర దగ్గర నిలబడ్డారు. ముఖ్య అతిథి దారిలో ఉన్నారని నలభై నిమిషాలు ఆపారు. గజ్జెలు ఒకసారి కట్టాక మళ్ళీ మళ్ళీ విప్పి కట్టేవి కావు, నగలతో కిందా కూర్చోలేరు. నిలబడి నిలబడి కండ చల్లబడింది, ఆ చల్లబడ్డ కాళ్ళతోనే రాయి మీదికి వెళ్ళి మూడో కాలం కొట్టారు. తర్వాత ఇంకో పెద్దాయన వచ్చారని తరంగం సగంలో ఆపి శాలువాలు, జ్ఞాపికలు, నాలుగు ప్రసంగాలు. పళ్ళెం మీద ఉన్న అమ్మాయి దిగి చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. అతిథులు కావాలని చేశారని అనను, నిర్వాహకులే భయపడి ఆపుతారు, అందుకే పెద్దలే ముందుకొచ్చి "ఆపొద్దు" అని ఒక్కమాట చెప్పాలి. మా పాప కార్యక్రమానికి వచ్చే పెద్దలు ఆరు గంటలకు దీపం వెలిగించే వేళకు వచ్చి కూర్చోవాలని, మంగళం అయ్యేదాకా స్టేజి ఎక్కవద్దని ప్రార్థన. ఆలస్యమైతే ఏమీ అనుకోం, పక్క దారిలో వచ్చి కూర్చోండి, మిమ్మల్ని మైకులో పిలవం. ఆశీస్సులు, రెండు మాటలు మంగళం తర్వాత, గురువుగారికి, వాద్యం వాళ్ళకు నమస్కరించాక. శాలువాలు తేవద్దు.

4. స్టేజి వెనక ఆడపిల్లలకు గడియ పడే తలుపున్న గది ఒకటి, నీళ్ళొచ్చే బాత్‌రూమ్ ఒకటి. దీనికి వివరం అక్కర్లేదు. ఆ రోజు మా పిల్లలు మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగకుండా ఆడారు.

5. మా మూడు అర్జీలకు రాతపూర్వకంగా జవాబు. కాదనైనా రాయండి, ఎందుకు కాదో రాయండి.

ఇక ఆ రోజు ఏమేం ఉంటాయో చెబుతాను. మొదట పూర్వరంగం, స్టేజికి నీళ్ళు చల్లి ముగ్గు వేసి దీపం పెట్టడం, గణపతి స్తుతి. తర్వాత జతిస్వరం, దీనిలో కథ ఉండదు, అడుగులూ స్వరాలే, కొత్తవాళ్ళు కాళ్ళనే చూడండి. ఆ తర్వాత మండూక శబ్దం, కప్ప అందగత్తె అయిన కథ. పిల్లల్ని ముందు వరసలో చాపల మీద కూర్చోబెడతాం, వాళ్ళకు ఇది బాగా నచ్చుతుంది. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం ఉంది, తెర వెనక నుంచి జడ ముందుకు వేసి వస్తుంది, ఇక్కడ పాప తనే మాటలు చెబుతుంది, పాట కూడా అందుకుంటుంది, కాబట్టి దయచేసి ఆ పది నిమిషాలు ఫోన్లు మోగనివ్వకండి. క్షేత్రయ్య పదం ఒకటి, త్యాగరాజస్వామి కీర్తన ఒకటి. ఆయన ఇంటిపేరు కాకర్ల మన వైపు ఊరేనని మా అమ్మ అందరికీ చెబుతుంటుంది, ఆ కీర్తన పెట్టమని గురువుగారిని అడిగింది కూడా ఆమే. ఆ తర్వాత తరంగం, పళ్ళెం మీద. చివర తిల్లానా, మంగళం. ఎనిమిదిన్నరకల్లా అయిపోతుంది, తర్వాత అందరికీ పులిహోర, దద్ధ్యోజనం ఉంటాయి.

ఒంగోలు నుంచి వచ్చేవాళ్ళు చీమకుర్తి దాటాక ఊరి ఆర్చి దగ్గర మా అబ్బాయి, వాడి స్నేహితులు నిలబడి ఉంటారు. బండ్లు బడి గ్రౌండులో పెట్టండి, గుడి సందులో పెడితే వాద్యాల ఆటో రాలేదు. ఆ నెలలో రాత్రి మంచు దిగుతుంది, పందిరి వేస్తున్నాం, అయినా పెద్దవాళ్ళకు దుప్పటి తెచ్చుకోండి. నేల మీద మంచు తేమ పడితే జారుతుంది కనుక ఐదున్నర దాకా టార్పాలిన్ కప్పి ఉంచుతాం.

ఇంజనీరు సార్లకు, హాళ్ళు చూసే అధికారులకు ఒక ప్రత్యేక మనవి. మీరు ఐదున్నరకే రండి. టార్పాలిన్ తీసే వేళకు నేను అక్కడే ఉంటాను. చెప్పులు విప్పి ఆ నేల మీద ఒక్కసారి పాదం గట్టిగా కొట్టి చూడండి, తర్వాత పక్కనే నేల పరవని అరుగు సిమెంటు మీద అదే పాదం అంతే గట్టిగా కొట్టి చూడండి. మూడు అర్జీల నకళ్ళు కవర్లో పెట్టి నా దగ్గర ఉంచుతాను.

ఇట్లు,
పాప అమ్మ, నాన్న, నాయనమ్మ, తమ్ముడు
చీమకుర్తి మండలం, ప్రకాశం జిల్లా